“స్పృహలో ఉన్నారు” అని రాస్తే చాలా?

కావలి, లా విద్యార్థిని: మాకు పరీక్షలో వచ్చిన ప్రశ్న. ఒళ్లు కాలిన ఒకామె ఆస్పత్రిలో మేజిస్ట్రేటుకు మరణ వాంగ్మూలం ఇచ్చింది. డాక్టరు కింద “స్పృహలో ఉన్నారు” అని మాత్రమే రాశారు. మూడో రోజు ఆమె పోయింది. స్పృహ, మానసిక స్థిమితం ఒకటేనా? ఆ వాంగ్మూలం నిలుస్తుందా?

కందుకూరు సభ్యుడు: నిలవదమ్మా. మన రాష్ట్రం నుంచే వెళ్లిన పాపరంబాక రోశమ్మ కేసులో, 1999లో, సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్పృహ ఉన్నంత మాత్రాన బుద్ధి స్థిమితంగా ఉన్నట్టు కాదు. డాక్టరు ఆ ముక్క రాయాల్సిందే.

ఉదయగిరి సభ్యురాలు: మా అవ్వ పోయే ముందు రోడ్డు పక్క చేను నాకేనని నలుగురి ముందు చెప్పింది. అదీ మరణ వాంగ్మూలమేగా? చచ్చిపోయే మనిషి అబద్ధం చెప్పదు, కోర్టు నమ్మాల్సిందే కదా?

ఒంగోలు న్యాయవాది: అక్కా, మరణ వాంగ్మూలమంటే తన చావుకు కారణమేమిటో, ఆ చావుకు దారితీసిన పరిస్థితులేమిటో చెప్పిన మాట. చేను సంగతి అందులోకి రాదు. ఇక, నమ్మి తీరాలని చట్టంలో లేదు. అదే, పెళ్లైన ఏడేళ్లలోపు ఒకామె అనుమానాస్పదంగా చనిపోయి, చనిపోయే ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, కోర్టు వరకట్న మరణమని ముందే భావిస్తుంది. కాదని చూపాల్సింది ముద్దాయే. మరణ వాంగ్మూలానికి అలాంటి ముందస్తు భావన లేదు. చెప్పిన మనిషిని కోర్టులో ఎదురు ప్రశ్నలడిగే వీలుండదు కాబట్టి మరీ జాగ్రత్తగా చూస్తారు. నమ్మకం కుదిరితే మాత్రం అదొక్కటే ఆధారంగా శిక్ష వేయొచ్చు. కుశాల్‌రావు కేసు, 1958.

కందుకూరు అన్న చెప్పింది సగమే. రోశమ్మ తీర్పు సరికాదని లక్ష్మణ్ కేసులో, 2002లో, అయిదుగురు జడ్జీలు తేల్చేశారు. డాక్టరుది ఒక అభిప్రాయం. వాంగ్మూలం రాసుకున్న మేజిస్ట్రేటు ఆమెను కళ్లారా చూసిన సాక్షి. “పేరేంటమ్మా? ఎక్కడున్నావు? నేనెవరో తెలుసా?” అని ముందుగా అడిగి, ఆ జవాబులు కూడా రాసుకుని, ఆమె స్థిమితంగానే ఉందని తృప్తి చెందితే, సర్టిఫికెట్ లేకపోయినా నిలుస్తుంది. ఆ ప్రశ్నలేవీ లేకుండా నేరుగా “ఎవరు కాల్చారు” దగ్గర మొదలైతేనే చిక్కు. నేనైతే ముందు కేస్‌షీట్ తెప్పిస్తాను. వాంగ్మూలానికి కాసేపటి ముందే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, “స్పృహలో ఉన్నారు” అన్న మాట బలం చాలా తగ్గుతుంది.

విద్యార్థిని: అయితే మా ప్రశ్నలో మేజిస్ట్రేటు ఏం అడిగారో ఇవ్వలేదు సార్. దాన్నిబట్టే రెండు రకాలుగా జవాబు రాయాలన్నమాట.

కందుకూరు సభ్యుడు: లక్ష్మణ్ సంగతి సరే సార్. ఇంకొకటి. ఆమె “మా ఆయన కిరసనాయిలు పోసినాడయ్యా” అంటే, కాగితం మీద “నా భర్త కిరోసిన్ పోసి నిప్పంటించెను” అని ఉంటుంది. నిప్పు మాట ఆమె అన్నదేనా?

న్యాయవాది: అన్న మాట అన్నట్టే లేదని మాత్రం కొట్టేయరు. కానీ ఆమె అనని విషయం చేరితే వేరే సంగతి. దీనిమీద మా బార్‌లోనే ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు.

కందుకూరు సభ్యుడు: నేనైతే ఒప్పుకోను సార్. యాస మారిస్తే అర్థం కూడా మారొచ్చు.