మెటోప్రొలాల్ పీక్ తోక తగ్గడం లేదు, హైడ్రోక్లోరోథయజైడ్ నుంచి సరిగ్గా విడిపోవడం లేదు

కావలి_ఎంఫార్మ్:
ప్రాజెక్ట్ మెటోప్రొలాల్ సక్సినేట్ 50, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 టాబ్లెట్‌కి హెచ్‌పీఎల్‌సీ మెథడ్ మీద. కాలేజీలో ఉన్నది పాత సీ18 కాలమ్, 250 × 4.6, 5 మైక్రాన్. ఒక పేపర్ చూసి 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ పీహెచ్ 4.8, అసిటోనైట్రైల్ 65:35 పెట్టాను, ఫ్లో 1 ఎంఎల్, 224 నానోమీటర్లు. థయజైడ్ 3.4 నిమిషాలకు చక్కగా వస్తుంది, టెయిలింగ్ 1.2. మెటోప్రొలాల్ మాత్రం ఒక రోజు 3.7, ఇంకో రోజు 4.0, టెయిలింగ్ 2.6కి తగ్గట్లేదు, రిజల్యూషన్ 1.3 దాటిన రోజు పండగే. వచ్చే నెల వైవా, బాగా టెన్షన్‌గా ఉంది. కాలమ్ మార్చాలా, పీహెచ్ మార్చాలా?

ఒంగోలు_క్యూసీ:
ముందు ఫిట్టింగ్స్ చూడు తమ్ముడూ. మా దగ్గర ఒక ఫెర్రూల్ సరిగ్గా కూర్చోక రెండు వారాలు పోయాయి. కాలమ్ ముందు గ్యాప్ ఉంటే పీక్ తోక ఇలాగే వస్తుంది. పైగా ఎండాకాలం, ఏసీ ఆపేస్తే ల్యాబ్ ముప్పై ఎనిమిదికి పోతుంది. ఓవెన్ లేకుండా నడిపితే రిటెన్షన్ జారకుండా ఎట్టా ఉంటుంది?

కావలి_ఎంఫార్మ్:
అన్నా, థయజైడ్ ఏ రోజు చూసినా 3.4 దగ్గరే ఉంది. అది కదలట్లేదు, ఒక్క మెటోప్రొలాలే కదులుతుంది.

నెల్లూరు_మెథడ్‌డెవ్:
ఆ ఒక్క మాటతోనే సగం తేలిపోయింది. ఫిట్టింగ్ తప్పో, కాలమ్‌లో ఖాళీయో, వేడో అయితే రెండు పీకులూ పాడవ్వాలి. ఒకటే పాడవుతుందంటే తేడా ఆ మాలిక్యూల్‌కీ నీ కాలమ్‌కీ మధ్య ఉంది. మెటోప్రొలాల్‌లో అమీన్ ఉంది, పీకేఏ తొమ్మిదిన్నర పైన. పీహెచ్ 4.8 దగ్గర అది పూర్తిగా పాజిటివ్. పాత సిలికా మీద మిగిలిపోయిన సిలనాల్స్‌లో కొన్ని ఆ పీహెచ్‌కి నెగటివ్ అయిపోతాయి. అవి అమీన్‌ని పట్టుకుని ఆలస్యంగా వదులుతాయి, ఆ తోక అదే. థయజైడ్ ఆ పీహెచ్‌లో చార్జ్ లేని మాలిక్యూల్, దానికి ఈ గొడవతో పని లేదు.

ఇక రోజుకోలా జారడం. ఫాస్ఫేట్ 2.1 దగ్గర, 7.2 దగ్గర బఫర్‌గా పనిచేస్తుంది. 4.8 దగ్గర దానికి పట్టు లేదు. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ నీళ్లలో కలిపితేనే దాదాపు 4.5 చూపిస్తుంది. నువ్వు రెండు చుక్కల కేఓహెచ్ వేసి 4.8 చేసి ఉంటావు. రేపు ఒక చుక్క తేడా పడితే పీహెచ్ ఎక్కడికో పోతుంది, దానితో సిలనాల్స్, వాటితో మెటోప్రొలాల్. పేపర్‌లో ఉందని 4.8 పెట్టుకోవద్దు. 2.72 గ్రాముల సాల్ట్ లీటరుకి, ఫాస్ఫారిక్ యాసిడ్‌తో 3.0కి దించు.

ముత్తుకూరు_రొయ్యలల్యాబ్:
మాకు ఆక్సీటెట్రాసైక్లిన్‌కి ఇదే తోక. 0.01 మోలార్ ఆక్సాలిక్ యాసిడ్ వేశాక సర్దుకుంది. తమ్ముడు కూడా అదే వేసి చూడొచ్చు కదా.

నెల్లూరు_మెథడ్‌డెవ్:
అది వేరే జబ్బు అన్నా. టెట్రాసైక్లిన్ లోహాల్ని పట్టుకుంటుంది, ఆక్సాలిక్ యాసిడ్ ఆ లోహాల్ని ముందే పట్టేసుకుంటుంది. మెటోప్రొలాల్ విషయంలో లోహాల గొడవ కాదు.

క్యూసీ_22ఏళ్లు:
నేను 22 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. అతను అడగాల్సింది అడగలేదు. పీహెచ్ ఎప్పుడు సరిచేశావ్ బాబూ, అసిటోనైట్రైల్ కలపక ముందా, కలిపాకా? మేం ఎప్పుడూ కలిపాకే సరిచేశాం, ఎన్ని ఆడిట్లైనా పాసయ్యాం.

కావలి_ఎంఫార్మ్:
కలిపాక, సార్.

నెల్లూరు_మెథడ్‌డెవ్:
ఇదిగో, ఇంకో తప్పు. మీటర్‌ని నీళ్ల బఫర్లతో కాలిబ్రేట్ చేసి, అసిటోనైట్రైల్ కలిసిన దాంట్లో పెడితే అది చూపే అంకెకి నీళ్లలోని అర్థం ఉండదు. మామూలుగా నీళ్ల అసలు పీహెచ్ కన్నా ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి పేపర్‌లో 4.8, నీ 4.8 ఒకటి కాదు.

క్యూసీ_22ఏళ్లు:
రీడింగ్ నిలకడగా ఉంటే చాలు, రోజూ ఒకేలా చేస్తే ఒకేలా వస్తుంది. నీకు ఎన్నేళ్ల అనుభవం అని ఇట్టా మాట్లాడుతున్నావ్?

నెల్లూరు_మెథడ్‌డెవ్:
తొమ్మిదేళ్లు. ఏళ్లు లెక్కపెట్టుకుంటే పీక్ బాగుపడదు సార్. ఒకే ల్యాబ్‌లో, ఒకే ఎలక్ట్రోడ్‌తో అయితే మీరన్నట్టు ఒకేలా రావచ్చు, ఒప్పుకుంటాను. ఇంకో ల్యాబ్ వాళ్లు మీ మెథడ్ చదివి బఫర్‌నే ఆ అంకెకి సరిచేస్తే? కలిపాక సరిచేశామని మీ మెథడ్‌లో రాసి ఉందా?

క్యూసీ_22ఏళ్లు:
రాసి ఉండాలి. చూడాలి.

ఒంగోలు_క్యూసీ:
ఇద్దరూ ఆగండి, పిల్లవాడికి కాలమ్ సంగతి చెప్పండి. యూఎస్‌పీ ఎల్1 అని ఉంటే ఏదైనా ఒకటే, చవగ్గా దొరికింది కొనుక్కో తమ్ముడూ.

కందుకూరు_సీనియర్:
ఎల్1 అంటే సీ18 అతికించిన సిలికా అని మాత్రమే అర్థం అన్నా. సిలికా ఎంత శుభ్రమైంది, ఎండ్‌క్యాపింగ్ ఎంత బాగా చేశారు అన్నది ఆ పేరులో లేదు. మా దగ్గర రెండు ఎల్1 కాలమ్‌ల మీద ఒకే వయల్ ఇంజెక్ట్ చేస్తే ప్రొప్రానొలాల్ టెయిలింగ్ ఒక దాంట్లో 1.2, ఇంకో దాంట్లో 2.3. అమీన్ ఉన్న మందుకి హై ప్యూరిటీ సిలికా, ఎండ్‌క్యాప్ చేసింది కొనాలి.

లేదా ఎక్స్‌బ్రిడ్జ్ లాంటి హైబ్రిడ్ కాలమ్ తీసుకుని పీహెచ్ పైకి పోవచ్చు, 12 వరకు తట్టుకుంటుంది. మామూలు సిలికా 8 దాటితే కరగడం మొదలవుతుంది.

నెల్లూరు_మెథడ్‌డెవ్:
మెటోప్రొలాల్ ఒక్కటే ఉంటే పైకి పొమ్మనేవాణ్ణి. థయజైడ్ ఆల్కలీలో విడిపోతుంది, పైగా పీకేఏ ఎనిమిది దగ్గరే కాబట్టి అక్కడ చార్జ్ వచ్చి ముందుకి పరిగెత్తుతుంది. ఈ జంటకి కిందకి పోవడమే మేలు.

కావలి_ఎంఫార్మ్:
బఫర్‌ని విడిగా పీహెచ్ 3.0కి సరిచేసి, తర్వాత 65:35 కలిపాను. టెయిలింగ్ 1.6కి దిగింది. కానీ మెటోప్రొలాల్ 3.55కి వచ్చేసింది, థయజైడ్ 3.4లోనే ఉంది, రిజల్యూషన్ 0.8. ముందుకన్నా ఘోరం! చేసిందే తప్పా?

నెల్లూరు_మెథడ్‌డెవ్:
తప్పు కాదు. ముందు నీకు కొంత రిటెన్షన్ ఇచ్చింది సిలనాల్స్ పట్టే. అది పోయింది కాబట్టి పీక్ ముందుకొచ్చింది. ఇప్పుడు అసిటోనైట్రైల్ తగ్గించు. 250 మిల్లీమీటర్ల కాలమ్‌లో 1 ఎంఎల్ ఫ్లోకి ఖాళీ సమయమే రెండున్నర నిమిషాలు, నువ్వు 3.4 దగ్గర రెండింటినీ ఇరికించాలని చూస్తున్నావు. 18 శాతానికి దించు.

క్యూసీ_22ఏళ్లు:
లీటరుకి ఒక ఎంఎల్ ట్రైఇథైల్ అమీన్ వేసి, తర్వాత మళ్లీ 3.0కి సరిచేయి. టెయిలింగ్ ఇంకా దిగుతుంది, ఏ కాలమ్ కొనక్కర్లేదు.

కందుకూరు_సీనియర్:
దిగుతుంది. కానీ ఒకసారి వేశాక ఆ కాలమ్‌ని దీనికే పక్కన పెట్టాలి. ఎంత కడిగినా పూర్తిగా వదలదు, తర్వాత వేరే మెథడ్‌కి వాడితే రిటెన్షన్ మారుతుంది. కాలేజీలో ఒకే కాలమ్ అయితే మిగతా పిల్లల ప్రాజెక్టుల సంగతి ఏంది?

క్యూసీ_22ఏళ్లు:
మేం వాడిన కాలమ్‌లు ఏళ్ల తరబడి నడిచాయి.

కావలి_ఎంఫార్మ్:
82:18 పెట్టాను. థయజైడ్ 4.9, మెటోప్రొలాల్ 8.6. టెయిలింగ్ 1.5, రిజల్యూషన్ పది దాటింది. మూడు రోజులుగా రోజూ కొత్త బఫర్ చేశాను, 8.6 దగ్గర రెండు సెకన్లు కూడా కదలలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమీన్ వేయలేదు సార్, ఆ కాలమ్‌తో ఇంకో ముగ్గురి పని ఉంది. కొత్త ఎండ్‌క్యాప్డ్ కాలమ్ కోసం మా గైడ్ మేడమ్ ఇండెంట్ పెట్టారు.

ఒంగోలు_క్యూసీ:
కరెంట్ పోతే పంప్‌లో బఫర్ వదిలేయొద్దు. 10 శాతం అసిటోనైట్రైల్ కలిపిన నీళ్లతో కడిగి, ఆ తర్వాతే అసిటోనైట్రైల్ పెంచు. నేరుగా పెంచితే సాల్ట్ లోపలే గడ్డకడుతుంది.

ముత్తుకూరు_రొయ్యలల్యాబ్:
నాది కూడా ఎవరైనా చూడండి. రొయ్య సాంపిల్ బఫర్‌లో ఈడీటీఏ వేసి తీస్తున్నాం, స్టాండర్డ్ పీక్ బాగానే ఉంది, సాంపిల్‌లో మాత్రం ఆక్సీటెట్రాసైక్లిన్ తోక పెరుగుతుంది.