మూడు గంటల పేపర్‌కి టైమ్ ఇలా పంచుకున్నాను, ఎక్కడ కోత పెట్టాలో చెప్తారా?

100 మార్కుల పేపర్, 180 నిమిషాలు. ఎ సెక్షన్‌లో ఒక మార్కువి 20, బి లో 5 మార్కులవి 8, సి లో 10 మార్కుల వ్యాసాలు 4, ఛాయిస్ లేదు. పేపర్ చదవడానికి 5 నిమిషాలు, ఎ కి 20, బి కి ఒక్కోదానికి 8 చొప్పున 64, సి కి ఒక్కోదానికి 18 చొప్పున 72 అనుకున్నాను. మొత్తం 161, మిగిలిన 19 నిమిషాలు రివిజన్‌కి. పదింటికి మొదలైతే 10:25కి ఎ, 11:29కి బి, 12:41కి సి అయిపోవాలి.

కాగితం మీద బానే ఉంది కానీ, ఇంట్లో గడియారం పెట్టుకుని రాస్తుంటే ఎ, బి లెక్క ప్రకారమే అవుతున్నాయి, వ్యాసం మాత్రం ఒక్కోటి 24 నిమిషాలు లాగుతోంది, అంటే నాలుగింటికి 24 ఎక్కువ, రివిజన్ మొత్తం పోయి ఇంకో 5 తక్కువే పడుతోంది. చివరి వ్యాసం సగంలో అక్షరాలు కోడి గీతల్లా అయిపోయి ముగింపు ఉండట్లేదు.

బి లో ఒక్కోదానికి 7 చేస్తే 8 నిమిషాలు కలిసొస్తాయి, అది చాలదు. వ్యాసాలు ముందే రాసేస్తే చేయి తాజాగా ఉంటుంది గానీ, అక్కడ ఆలస్యమైతే సులువైన ఎ మార్కులు పోతాయేమోనని టెన్షన్. 18 దాటగానే రెండు లైన్ల ముగింపు రాసేసి, నాలుగు గీతల చోటు వదిలి తర్వాత ప్రశ్నకి వెళ్లిపోవడం ఎవరైనా చేశారా, నిజంగా వెనక్కొచ్చి నింపగలిగారా? రివిజన్ చివర్లో ఒకేసారి పెట్టుకోవాలా, లేక ప్రతి సెక్షన్ అయ్యాక ఐదేసి నిమిషాలా? ప్రశ్న నంబర్లు తప్పు వేయడం నాకు అలవాటు, అందుకే రివిజన్ పూర్తిగా తీసేయలేను.