మా కుక్కకి ఇంగ్లీషే వచ్చు, అమ్మానాన్నలకి తెలుగే. కమాండ్లు మార్చడం ఎలా?

రాకీవాళ్లన్న: మా రాకీ లాబ్రడార్, మూడేళ్లు. హైదరాబాద్‌లో నేనే పెంచా, సిట్, కమ్, స్టే అన్నీ ఇంగ్లీషులోనే నేర్పా. ఉద్యోగం పుణెకి మారడంతో రెండు నెలల కింద రాజమండ్రిలో అమ్మావాళ్ల దగ్గర వదిలొచ్చా. నాన్న "కూర్చోరా" అంటే అది లేచి ఆయన మీదకి వచ్చేస్తోంది, "ఆగరా" అన్నా అంతే. మొన్న గేటు తీసుంటే రోడ్డు మీదకి పోయింది, లారీ వాడు బ్రేకేశాడు కాబట్టి బతికింది. అప్పట్నుంచి నాకు నిద్రలేదు. నాన్నకి ఇంగ్లీషు మాటలు నేర్పాలా, దానికి తెలుగు నేర్పాలా?

విజయ్ వైజాగ్: ఇంగ్లీషే ఉంచండి బ్రో. కుక్కలకి పొట్టి మాటలే ఎక్కుతాయి, తెలుగులో అన్నీ సాగుతాయి. పోలీసు కుక్కలకి సిట్జ్, ప్లాట్జ్ అని జర్మన్ వాడేది కూడా అందుకే, ఆ భాష వాటికి బాగా అర్థమవుతుంది.

హేమ, కుక్కల ట్రైనింగ్: పొట్టిగా ఉండాలన్నది నిజమే విజయ్ గారూ, కానీ జర్మన్ సంగతి అలా కాదు. అక్కడ ట్రైనింగ్ అయిన కుక్కల్ని వేరే దేశాలు కొనుక్కున్నప్పుడు, మళ్లీ మొదట్నుంచీ నేర్పే బదులు హ్యాండ్లరే ఆ నాలుగు మాటలు నేర్చుకుంటాడు. కుక్కకి ఏ భాషైనా శబ్దమే.

రాకీవాళ్లన్న గారూ, ఒకటి చెప్పండి, అన్నం పెట్టేటప్పుడు అమ్మగారు ఏమని పిలుస్తారు?

రాకీవాళ్లన్న: గిన్నె పట్టుకుని "రారా, రారా" అంటుంది.

హేమ, కుక్కల ట్రైనింగ్: అదే అనుకున్నా. ఈ రెండు నెలల్లో అది నేర్చుకున్న తెలుగు ఒక్కటే, "రా" అంటే దగ్గరికొస్తే గిన్నె. మనం ముద్దుగా కూర్చోరా, ఆగరా, వద్దురా అంటాం, అన్నిటి చివరా అదే "రా", పైగా గట్టిగా వినిపించేదీ అదే. పాపం అది మాట వింటోందండీ. కాబట్టి కూర్చో, ఆగు, వద్దు అని అక్కడికే ఆపేయాలి. "రా" పిలవడానికి మాత్రమే.

తెలుగు నేర్పడం కష్టం కాదు. ముందు చేతులు వెనక్కి పెట్టుకుని, తల ఊపకుండా "సిట్" అనమనండి. కూర్చోకపోతే అది ఇన్నాళ్లూ మీ మాట కాదు, చెయ్యి చూసి కూర్చుంటోందని. చాలా కుక్కలు అంతే. అప్పుడు కొత్త మాట ముందు, పాత సైగ తర్వాత. నాన్నగారు "కూర్చో" అని ఒక్కసారే అని, ఒక సెకను ఆగి, చెయ్యి ఎత్తాలి, కూర్చోగానే చిన్న చికెన్ ముక్క. మాటా చెయ్యీ ఒకేసారి పడితే అది చేతినే చూస్తుంది, మాట వినదు. పూటకి పదిసార్లు, రోజుకి రెండు పూటలు చాలు. నాలుగైదు రోజులయ్యాక మాట అని మూడు సెకన్లు ఆగి చూడండి, చెయ్యి ఎత్తకముందే కూర్చుంటే మాట ఎక్కినట్టే. పదిలో ఎనిమిదిసార్లు అలా జరిగాకే తర్వాతి మాట. ఈలోపు గేటుకి గొళ్లెం మర్చిపోకండి, ఇంట్లో విన్న మాట రోడ్డు మీద వింటుందని గ్యారంటీ లేదు, అక్కడ మళ్లీ తాడు కట్టి నేర్పాలి.

డాలస్ సునీత: మేం షెల్టర్ నుంచి తెచ్చుకున్న పెద్ద కుక్క సిట్ అన్నా, కూర్చో అన్నా చూస్తూ నిలబడేది, చెవుడేమో అనుకుని డాక్టర్‌కి కూడా చూపించాం. ఒకరోజు పక్కింటి మెక్సికన్ పెద్దావిడ వచ్చి "సియెంతతే" అనగానే టక్కున కూర్చుంది, నాకు ఏడుపొచ్చేసింది. పాత ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లేమో. మేం ఇప్పటికీ ఆ మాటే వాడతాం.

పిల్లి పద్మ: మా పిల్లిని ఏ భాషలో పిలిచినా రాదు, పాల గిన్నె చప్పుడుకే వస్తుంది. దానికి కూడా ఈ పద్ధతి పనిచేస్తుందా?

విజయ్ వైజాగ్: ఓకే, జర్మన్ సంగతి తెలీదు నాకు. మరి గుడ్ బాయ్ కూడా శబ్దమేనా? మా వాడికి ఆ మాట వింటే తోక ఆగదు.

హేమ, కుక్కల ట్రైనింగ్: దాని మీద హంగరీలో పరిశోధన చేశారు, 2016లో వచ్చింది. 13 కుక్కల్ని స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి మాటలు వినిపించారు. మెచ్చుకునే మాట, మెచ్చుకునే గొంతు, రెండూ కలిసినప్పుడే మెదడులో సంతోషపడే భాగం బాగా స్పందించింది. అంటే మాటా కావాలి, ఆ గొంతూ కావాలి. అమ్మగారు "నా బంగారం" అంటారా? రోజూ ముక్క పెట్టే ముందు అదే గొంతుతో అననివ్వండి, గుడ్ బాయ్ అక్కర్లేదు.

పద్మ గారూ, గిన్నె చప్పుడుకి ముందు పేరు పిలవండి, తర్వాత కాదు.

రాకీవాళ్లన్న: తొమ్మిది రోజులైంది. చేతులు వెనక్కి పెడితే "సిట్"కి కూడా కూర్చోలేదు, మీరన్నట్టే. ఇప్పుడు "కూర్చో" పదిలో ఏడు. "ఆగు" ఇంకా మొదలెట్టలేదు. నాన్న నోటి వెంట "రా" మాత్రం పోవట్లేదు, కొడుకుని పిలిచినట్టు పిలుస్తా, తప్పేంటంటారు. ఇంకో డౌట్, దాని పేరే "రా"తో మొదలవుతుంది కదా, "రాకీ, ఆగు" అంటే ముందు "రా" వినిపించదా?

డాలస్ సునీత: మూడేళ్ల పేరు మార్చకండి ప్లీజ్.

హేమ, కుక్కల ట్రైనింగ్: పేరు మార్చక్కర్లేదు. కానీ "ఆగు" ముందు పేరు పెట్టకుండా నేర్పి చూడండి. పేరుతో ఎన్నిసార్లు ముందుకొస్తోందో, పేరు లేకుండా ఎన్నిసార్లు వస్తోందో పదేసి సార్లు లెక్కేసి ఇక్కడ పెట్టండి, అది చూడకుండా నేను చెప్పలేను.