మూవింగ్ యావరేజా, ఎక్స్‌పోనెన్షియల్ స్మూతింగా? రెండు కొలమానాలు రెండు మాటలు చెబుతున్నాయి

వరంగల్ కొత్తవాడ నుంచి జంపఖానాలు పంపిస్తుంటాం. జనవరి నుంచి ఆగస్టు వరకు నెలవారీగా పంపిన బేళ్లు 120, 126, 114, 120, 180, 120, 120, 120. మే నెలలోని 180 ఒకే ఒక్క పెద్ద ఆర్డర్ వల్ల వచ్చింది.

మూడు నెలల మూవింగ్ యావరేజ్‌తో, ఆల్ఫా 0.5 పెట్టిన స్మూతింగ్‌తో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అంచనా వేశాను. పోలిక న్యాయంగా ఉండాలని రెండింటికీ అవే ఐదు నెలలు తీసుకుని, స్మూతింగ్‌ను కూడా మొదటి మూడు నెలల సగటు 120తోనే మొదలుపెట్టాను.

సగటు నిరపేక్ష దోషం మూవింగ్ యావరేజ్‌కు 23.6, స్మూతింగ్‌కు 22.5. అంటే స్మూతింగే మెరుగు. దోషాల వర్గాల సగటుకు వర్గమూలం తీస్తే మాత్రం 30.7, 30.9 వచ్చి ఫలితం తారుమారైంది!

మేలో రెండూ 60 బేళ్లు తక్కువగానే చెప్పాయి. తేడా అంతా ఆ తర్వాతిదే. జూన్‌లో స్మూతింగ్ 30 బేళ్లు ఎక్కువ చెప్పింది, మూవింగ్ యావరేజ్ 18. అయితే ఆగస్టుకు స్మూతింగ్ దోషం 7.5కు దిగింది, రెండోది 20 దగ్గరే ఉండిపోయింది. వర్గం చేయడంతో జూన్‌లోని 30కే బరువు పెరిగిందని నా అనుమానం.

మాకు మిగిలిన ప్రతి బేలుకూ ఒకే రకమైన నష్టం. అలాంటప్పుడు మొదటి కొలమానాన్నే నమ్మవచ్చా? లేక మే నెల నుంచి ఆ ఆర్డర్‌ను తీసేసి మళ్లీ లెక్కించాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.