కాలిబ్రేషన్ చేశాక రెండో ఫేస్ అవసరమా?

సతీష్: వంద మీటర్ల దూరంలో, దాదాపు మిషన్ ఎత్తులోనే ఉన్న గుర్తుకి టోటల్ స్టేషన్‌లో ఫేస్ లెఫ్ట్ 42°15′20″, టెలిస్కోప్ తిరగేసి మళ్ళీ చూస్తే ఫేస్ రైట్ 222°15′44″ వచ్చింది. కాలిబ్రేషన్ చేసేస్తే ఇక అన్నీ ఒక్క ఫేస్‌లోనే తీయొచ్చని మా ఇంజనీరు గారు అంటున్నారు. నిజమేనా?

కిరణ్: నిజమే. లోపం 24 సెకన్లు. కానీ కోణం అంటే రెండు రీడింగుల తేడా కదా, రెండింట్లో ఉన్నది ఒకే లోపం కాబట్టి తీసివేతలో పోతుంది. కాలిబ్రేషన్ చేయకపోయినా నష్టం లేదు.

పద్మ: టెలిస్కోప్ చూపు పక్కకి తప్పే ఈ కొలిమేషన్ లోపం 24 కాదు కిరణ్ గారూ, 12. ఫేస్ మారిస్తే అది రెండో పక్కకి తిరుగుతుంది, అందుకే తేడాలో రెట్టింపు కనిపిస్తుంది. అసలు రీడింగు సగటు, 42°15′32″. తీసివేతలో పోయేది రెండు గుర్తులూ ఒకే ఎత్తుకోణంలో ఉంటేనే. టెలిస్కోప్ పైకి లేచేకొద్దీ లోపం పెరుగుతుంది: 45 డిగ్రీల్లో 17 సెకన్లు, 60 డిగ్రీల్లో 24. ముందుగా చూసే ఆధార గుర్తు, అంటే బ్యాక్‌సైట్, నేల మీద, బిల్డింగ్ మూల 60 డిగ్రీల పైన ఉంటే కోణంలో 12 సెకన్లు మిగిలిపోతాయి.

లైన్ పొడిగించేటప్పుడు ఇంకా ప్రమాదం. బ్యాక్‌సైట్ చూసి టెలిస్కోప్ తిప్పేస్తే వంద మీటర్ల దగ్గర గుర్తు సుమారు 12 మిల్లీమీటర్లు పక్కకి పడుతుంది. రెండో ఫేస్‌లోనూ అదే చేస్తే అవతలి పక్కకి అంతే పడుతుంది. అసలు లైన్ ఆ రెండింటి మధ్యలో ఉంటుంది.

నూర్: నాకు నిలువు కోణాలు రెండు ఫేసులవీ కలిపితే 360°00′40″ వస్తోంది. ఇదీ కొలిమేషనేనా అక్కా?

పద్మ: కాదు తమ్ముడూ, అది ఇండెక్స్ లోపం. మించిన 40లో సగం, అంటే 20 సెకన్లు, ప్రతి రీడింగులోనూ ఉంది. దాన్ని విడిగా కాలిబ్రేట్ చేయాలి. సతీష్ గారూ, మీ మిషన్‌లో పాత దిద్దుబాటు ఆన్‌లో ఉందా?

సతీష్: ఉందండీ, కిందటి సైట్‌లో సేవ్ చేసింది.

పద్మ: అయితే ఆ 12 సెకన్లు పాత దిద్దుబాటు పోగా మిగిలిన తేడా. వెంటనే కొత్తది సేవ్ చేయకండి. మిషన్‌ని నీడలో కాసేపు ఉంచి, అదే గుర్తుని నాలుగైదుసార్లు రెండు ఫేసుల్లో చూడండి. ప్రతిసారీ 24 దగ్గరే వస్తే మిషన్‌దే. ఒకసారి 10, ఒకసారి 35 వస్తుంటే గురి కుదరడం లేదు, లేదా ట్రైపాడ్ కదులుతోంది. అప్పుడు సేవ్ చేస్తే ఆ తప్పే లోపల కూర్చుంటుంది.

రాఘవ: పద్మ గారి లెక్క ఒప్పుకుంటాను. కానీ టోపో సర్వేలో వందల పాయింట్లకి రెండు ఫేసులు ఎవరు తీస్తారు? 40 మీటర్లలో 12 సెకన్లంటే 2 మిల్లీమీటర్లు దాటి కొంచెం. చేత్తో పట్టుకున్న ప్రిజం కర్ర అంతకంటే ఎక్కువే ఊగుతుంది.

పద్మ: డిటైల్ పాయింట్లకి సరే. ట్రావర్స్‌కీ, కాలమ్ లైన్లకీ మాత్రం ఒప్పుకోను. జీపులో ఒక్క కుదుపు చాలు, సేవ్ చేసిన విలువ మారిపోవడానికి.

కిరణ్: ఎత్తు సంగతి నేను ఆలోచించలేదు. అయినా రోజూ పొద్దున ఒకసారి చెక్ చేస్తే ట్రావర్స్‌కి కూడా ఒక్క ఫేస్ చాలనే నా అభిప్రాయం.

పద్మ: పొద్దున చెక్ చేశారు, మధ్యాహ్నం ఎండకి మిషన్ వేడెక్కింది. అప్పుడు తీసిన స్టేషన్‌లో విలువ మారిందని రెండో ఫేస్ లేకుండా ఎలా తెలుస్తుంది?