కేర్ ప్లాన్‌లో ‘రిలేటెడ్ టు’ తర్వాత జబ్బు పేరు రాయొచ్చా?

రెండో_ఏడాది_సుధ
నర్సింగ్ పరీక్షకి కేర్ ప్లాన్ రాయడం ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇచ్చిన కేసు ఇది: 58 ఏళ్ల వ్యక్తి, న్యుమోనియా, మూడు రోజులుగా జ్వరం, దగ్గు. "దగ్గుతున్నా కళ్ళె బయటికి రావట్లేదు, ఆయాసంగా ఉంది" అంటున్నాడు. టెంపరేచర్ 38.6 సెల్సియస్, శ్వాస నిమిషానికి 28, రూమ్ ఎయిర్ మీద ఆక్సిజన్ శాచురేషన్ 91 శాతం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో క్రాకిల్స్, చిక్కటి పసుపు రంగు కళ్ళె.
నేను "ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్ రిలేటెడ్ టు న్యుమోనియా" అని రాశాను. జబ్బు పేరు రాస్తే మార్కులు పోతాయని మా రూమ్మేట్ అంటోంది. నిజమేనా? గోల్‌గా "పేషెంట్ బాగా ఊపిరి తీసుకుంటాడు" అని రాశాను, అది సరిపోతుందా?

చదివేస్తా_రాజు
ఇంత ఆలోచించకండి. న్యుమోనియా అంటే ఇంపెయిర్డ్ గ్యాస్ ఎక్స్‌ఛేంజ్, అంతే. ఏ జబ్బుకి ఏ డయాగ్నోసిస్ అన్నది లిస్టు బట్టీ పట్టేస్తే పరీక్షలో టైమ్ కలిసొస్తుంది. ఏబీసీ ప్రకారం ఆక్సిజనే ముందు కదా.

పేపర్లు_దిద్దే_మేడమ్
రాజూ, ఏబీసీ గుర్తుపెట్టుకోవడం మంచిదే. కానీ అందులో ఏ అంటే ఎయిర్‌వే, అది అన్నిటికంటే ముందు. ఈ పేషెంట్ చెప్పుకుంటున్న బాధ కళ్ళె రాకపోవడం. వినిపిస్తున్నవి క్రాకిల్స్, కళ్ళె చిక్కగా ఉంది. దారి మూసుకుపోతోందనే కేసు చెబుతోంది. శాచురేషన్ 91 ఉంది కాబట్టి గ్యాస్ ఎక్స్‌ఛేంజ్ తప్పని నేననను, దాన్ని రెండో డయాగ్నోసిస్‌గా రాయొచ్చు. పెదాలు నీలంగా మారడమో, మనిషి అయోమయంగా ఉండడమో, ఏబీజీలో తేడా రావడమో ఇచ్చి ఉంటే అప్పుడు అదే ముందుకొచ్చేది.
సుధా, మీ రూమ్మేట్ చెప్పింది సరైనదే. న్యుమోనియాని నర్సు నేరుగా తగ్గించలేదు, అది డాక్టరు చూసే సమస్య. 'రిలేటెడ్ టు' దగ్గర నర్సు చేయి పెట్టగలిగిన కారణం ఉండాలి: చిక్కటి స్రావాలు ఎక్కువగా ఉండటం, దగ్గు బలహీనంగా ఉండటం. జబ్బు పేరు తప్పదనుకుంటే 'సెకండరీ టు న్యుమోనియా' అని చివర తగిలించొచ్చు.

రెండో_ఏడాది_సుధ
మేడమ్, అయితే ఇలానా: "ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్ రిలేటెడ్ టు చిక్కటి స్రావాలు, బలహీనమైన దగ్గు, యాజ్ ఎవిడెన్స్‌డ్ బై క్రాకిల్స్, శ్వాస 28, 'కళ్ళె రావట్లేదు' అన్న పేషెంట్ మాట." జ్వరం కూడా ఎవిడెన్స్‌లో పెట్టాలా?

పేపర్లు_దిద్దే_మేడమ్
జ్వరం పెట్టకండి. 38.6 అన్నది ఎయిర్‌వే మూసుకుపోయిందనడానికి రుజువు కాదు, హైపర్‌థెర్మియా అనే వేరే డయాగ్నోసిస్‌కి రుజువు. అసెస్‌మెంట్‌లో ఉన్నవన్నీ ఒకే వాక్యంలో కుక్కేస్తే డేటా విడదీయడం రాలేదని దిద్దేవాళ్లకి తెలిసిపోతుంది. శాచురేషన్ 91 మాత్రం అసెస్‌మెంట్ కాలమ్‌లో తప్పక ఉండాలి.
నేను దిద్దేటప్పుడు మూడు చోట్ల చూస్తాను. సమస్యకి తగ్గట్టు గోల్ ఉందా, కారణం మీద ఇంటర్వెన్షన్లు పనిచేస్తున్నాయా, రుజువుగా రాసిన విషయాలు ఎవాల్యుయేషన్‌లో మళ్లీ కనిపిస్తున్నాయా. మీ 'బాగా ఊపిరి తీసుకుంటాడు' అన్న గోల్‌ని ఎలా కొలుస్తారు? "24 గంటల్లో పేషెంట్ సహాయం లేకుండా దగ్గి కళ్ళె బయటికి తెస్తాడు, శ్వాస నిమిషానికి 20 లోపు ఉంటుంది, క్రాకిల్స్ తగ్గుతాయి" అంటే మర్నాడు వెళ్లి చూసి అవును, కాదు అని చెప్పగలం. ఒక మాట, గోల్‌లో కర్త పేషెంటే. "నర్సు ఊపిరి మెరుగుపరుస్తుంది" అని రాసేవాళ్లు చాలామందే ఉంటారు.

నైట్‌డ్యూటీ_లక్ష్మి
మా వార్డులో ఇంత రాసే టైమ్ ఎక్కడమ్మా, ప్రింటు ఫారంలో టిక్కులు పెట్టేస్తాం. అయినా ఒకటి చెప్తాను. మొన్న నా దగ్గర ఉన్న సీఓపీడీ పేషెంట్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయి గోల్‌లో శాచురేషన్ 95 పైన అని రాసింది. అలాంటివాళ్లలో చాలామందికి 88 నుంచి 92 మధ్య ఉంచమని డాక్టర్లు చెప్తారు. ఆ అంకె చూసి ఎవరైనా ఆక్సిజన్ పెంచేస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి ప్రమాదం.

పేపర్లు_దిద్దే_మేడమ్
లక్ష్మిగారూ, సుధ అడిగింది పరీక్ష గురించే గానీ ఈ మాట అక్కడా పనికొస్తుంది. కేసులో సీఓపీడీ అని ఇస్తే 95 రాయకూడదు. ఈ కేసులో అలాంటిదేమీ ఇవ్వలేదు.

మూడో_ఏడాది_నవీన్
సుధగారూ, ఇంటర్వెన్షన్ల దగ్గర నేను పాటించే పద్ధతి: ముందు ఆర్డర్ లేకుండా నర్సు చేయగలిగినవి, తర్వాత డాక్టర్ ఆర్డర్ మీదవి. 'పొజిషన్ ఇవ్వాలి' అని వదిలేయకుండా 'తల వైపు 45 డిగ్రీలు ఎత్తి సెమీ ఫౌలర్ పొజిషన్' అని రాసి, పక్కన రేషనల్‌గా 'డయాఫ్రమ్ కిందికి దిగి ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి' అని పెడతాను. డీప్ బ్రీతింగ్, దగ్గడం మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి. గుండె, కిడ్నీ సమస్య లేకపోతే రోజుకి 2 నుంచి 3 లీటర్ల ద్రవాలు, కళ్ళె పలచబడటానికి. ఆర్డర్ ప్రకారం నెబ్యులైజేషన్, యాంటిబయాటిక్స్. దగ్గలేకపోతే సక్షన్. శ్వాస శబ్దాలు, శాచురేషన్ నాలుగు గంటలకోసారి చూడటం.

పేపర్లు_దిద్దే_మేడమ్
బాగుంది నవీన్. ఒక్కటి సరిచేస్తాను. శ్వాస శబ్దాలు దగ్గించక ముందు, తర్వాత కూడా వినాలని రాయండి. తర్వాత విన్నదాన్ని బట్టే దారి తెరుచుకుందో లేదో తెలుస్తుంది. శ్వాస 28 ఉన్న మనిషిని నాలుగు గంటలు వదిలేయడం కూడా ఎక్కువే, మొదట్లో గంటకో రెండు గంటలకో చూడాలి.

రెండో_ఏడాది_సుధ
ఎవాల్యుయేషన్‌లో నిజం పేషెంట్ ఎవరూ లేరు కదా. ఏం రాయాలి? 'గోల్ మెట్' అని వదిలేయొచ్చా?

మూడో_ఏడాది_నవీన్
మా టీచర్ ఊహించి అంకెలు రాయమంటారు. "24 గంటల తర్వాత శ్వాస 22, కళ్ళె తానే దగ్గి తెస్తున్నాడు, కుడివైపు కింద క్రాకిల్స్ ఇంకా కొద్దిగా ఉన్నాయి. గోల్ పార్షియల్లీ మెట్, ప్లాన్ కొనసాగించాలి."

చదివేస్తా_రాజు
కేసులో లేని అంకెలు సొంతంగా పుట్టించొద్దని మా సార్ అంటారు. 'ఇవి కనిపిస్తే గోల్ చేరినట్టు' అని రాయమంటారు. పోనీ ఇది చెప్పండి, రిస్క్ డయాగ్నోసిస్‌కి 'యాజ్ ఎవిడెన్స్‌డ్ బై' ఉండదనేగా అందరూ చెప్పేది?

పేపర్లు_దిద్దే_మేడమ్
ఎవాల్యుయేషన్ రెండు రకాలుగానూ రాస్తున్నారు, నేను రెండిటికీ మార్కులిస్తాను. ఉత్తి 'గోల్ మెట్'కి మాత్రం ఇవ్వను. రిస్క్ సంగతికొస్తే, జరగని సమస్యకి లక్షణాలు ఉండవు కాబట్టి ఆ భాగం రాయొద్దనేది పాత పద్ధతి. నండా కొత్త ఎడిషన్లలో 'యాజ్ ఎవిడెన్స్‌డ్ బై' తర్వాత రిస్క్ ఫ్యాక్టర్లు రాస్తున్నారు. మీ కాలేజీలో ఏ ఎడిషన్ ప్రకారం దిద్దుతారో మీ టీచర్‌నే అడగండి.

నైట్‌డ్యూటీ_లక్ష్మి
మా ఫారంలో ఆ గడే లేదు.