కిడ్నీ జబ్బు నోట్సులో "వ్యాప్తి" అని రాయొచ్చా?

నర్సింగ్ ట్యూటర్, శ్రీకాకుళం: తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల కోసం ఎపిడెమియాలజీ నోట్సు రాస్తున్నాను. ఉదాహరణ మన ఉద్దానం కిడ్నీ జబ్బే. ఇన్సిడెన్స్‌కి ఒక పేజీలో "సంభవం" అని, ఇంకో పేజీలో "కొత్త కేసులు" అని పడింది. ప్రివలెన్స్‌కి "వ్యాప్తి", రిస్క్ రేషియోకి "ప్రమాద నిష్పత్తి" అని రాశాను. నిన్న క్లాసులో ఒకమ్మాయి లేచి "మేడమ్, సంభవం అంటే ఇంటర్ లెక్కల్లో సంభావ్యతేనా?" అని అడిగింది. సోమవారం జిరాక్సుకి ఇవ్వాలి. మూడింటికీ చివరిదాకా ఒకే మాట ఉండాలి. ఏవి పెట్టమంటారు?

కవిటి సభ్యుడు: వ్యాప్తి అన్నారు కదా మేడమ్, ఒకరి నుంచి ఒకరికి ఎలా వ్యాపిస్తుందో కూడా రాయండి. మా నాన్నకి మూడేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. ఏదో కాగితంలో "వ్యాధి వ్యాప్తి" అని చదివి, మా చెల్లి అత్తవారు మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

రిటైర్డ్ కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరు, విజయనగరం: బాబూ, ఇది అంటుకునే జబ్బు కాదు. ఎందుకొస్తోందో ఇంకా పూర్తిగా తేలలేదు కానీ, మనిషి నుంచి మనిషికి రాదు. చెల్లి అత్తవారికి ఈ మాట నేను చెప్పానని చెప్పు.

ట్యూటరమ్మా, ఈ అబ్బాయి అడిగినదే మీ ప్రశ్నకి జవాబు. మనకి వ్యాప్తి అంటే పాకడం. ప్రివలెన్స్‌లో పాకడం లేదు. ఫలానా రోజున ఊళ్లో ఎంతమందికి జబ్బు ఉందన్నదే లెక్క. "ఉన్న కేసుల శాతం" అని రాయండి.

హెల్త్ సూపర్‌వైజర్, పలాస: "ప్రాబల్యం" బాగుంటుంది కదా సార్, పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. ఇన్సిడెన్స్ మాత్రం తేలికే. ఊళ్లో వెయ్యిమంది పెద్దవాళ్లుంటే, ఏడాదిలో 22 కొత్త కేసులొస్తే, 22ని వెయ్యితో భాగిస్తాం. 2.2 శాతం.

డాక్టరు: ప్రాబల్యం అనగానే ఏ పార్టీ ప్రాబల్యం అని అడుగుతారు పిల్లలు. లెక్కలో సగం సరిగ్గా చెప్పావు, 22 పైనే ఉండాలి. కింద మాత్రం వెయ్యి కాదు. ఏడాది మొదట్లోనే 120 మందికి జబ్బు ఉందనుకో. వాళ్లకి మళ్లీ కొత్తగా రాదు కదా! మిగిలిన 880 మందిలోనే 22 మందికి వచ్చింది, అంటే 2.5 శాతం. "సంభవం" అంటే ఈ తేడా కనబడదు. "ఏడాదిలో కొత్త కేసుల శాతం" అంటే, ఎవరిలో కొత్త అని అడగాలనిపిస్తుంది.

మొదట్లో ఉన్న కేసులు 120. ఏడాదిలో రోగుల్లో 10 మంది పోతే చివరికి 132. డయాలసిస్ బాగా అంది నలుగురే పోతే 138. కొత్త కేసులు రెండుసార్లూ 22 మాత్రమే. వైద్యం మెరుగైనందుకు ఉన్న కేసులు పెరిగాయి. దీన్ని "వ్యాప్తి పెరిగింది" అని రాస్తే ఊరంతా టెన్షన్ పడుతుంది.

ట్యూటర్: ఈ లెక్క అలాగే నోట్సులో పెడతాను సార్. మరి ప్రమాద నిష్పత్తి?

డాక్టరు: ప్రమాదం అంటే రోడ్డు ప్రమాదం గుర్తొస్తుంది. "ముప్పు నిష్పత్తి" అనండి. ఆ 880 మందిలో 400 మంది తోట పనివాళ్లు, వాళ్లలో 16 మందికి వచ్చింది, 4 శాతం. మిగతా 480 మందిలో ఆరుగురికి, 1.25 శాతం. నాలుగుని 1.25తో భాగిస్తే 3.2. "ముప్పు 3.2 రెట్లు" అని ఆపేయండి. "3.2 రెట్లు ఎక్కువ" అంటే కొందరు 4.2 అనుకుంటారు. తోట పనే కారణమని కూడా ఈ అంకె ఒక్కటీ చెప్పదు. వయసు, బీపీ, షుగరు రెండు గుంపుల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి.

ఇంతకీ నోట్సులో రిస్క్ రేషియో దగ్గర మీరు పెట్టిన పట్టిక ఎక్కడిది?

ట్యూటర్: ఒక్కరోజు క్యాంపులో రక్తపరీక్షలు చేసి రాసుకున్నదండీ. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లని పని వారీగా విడదీశాం.

డాక్టరు: అయితే ముప్పు నిష్పత్తి అనకూడదు. జబ్బు ఎప్పుడొచ్చిందో మీకు తెలియదు, ఆ రోజు ఉన్నదే తెలుసు. అది "ఉన్న కేసుల నిష్పత్తి". పైగా ఒక్కసారి క్రియాటినిన్ ఎక్కువుంటే దీర్ఘకాలిక జబ్బని తేల్చలేం. మూడు నెలలు దాటినా అలాగే ఉందా అని చూడాలి. పట్టిక పైన "ఒక్కసారి పరీక్షలో" అని రాయండి.

సూపర్‌వైజర్: కింద వెయ్యి పెట్టడం నా తప్పే సార్, మా రిపోర్టుల్లో అలవాటైపోయింది. కానీ "ముప్పు" నాకు ఎక్కడం లేదు. మా ఏఎన్ఎమ్‌లు, ఆశాలు అందరూ "రిస్క్" అనే అంటారు.

ట్యూటర్: పరీక్ష పేపర్లో ఇన్సిడెన్స్, ప్రివలెన్స్ అనే వస్తాయి కాబట్టి మొదటిసారి అవి కూడా రాసి, తర్వాత అంతా "కొత్త కేసుల శాతం", "ఉన్న కేసుల శాతం" అని ఉంచుతాను. ముప్పా, రిస్కా అన్నది రేపు క్లాసులో పిల్లల్నే అడుగుతాను. సార్, ఆడ్స్ రేషియోకి ఏమనాలి?

డాక్టరు: దానికి నాకు నచ్చిన తెలుగు మాట ఇంతవరకూ దొరకలేదమ్మా. ఆడ్స్ నిష్పత్తి అనే రాస్తున్నాను. ముప్పు నిష్పత్తితో మాత్రం కలిపేయకండి.

కవిటి సభ్యుడు: అంటుకోదు అన్న ముక్క నోట్సులో మొదటి పేజీలోనే పెట్టండి మేడమ్. ఆ పేజీ ఒక కాపీ నాకూ ఇవ్వండి, చెల్లి వాళ్లింటికి తీసుకెళ్తాను.